కుక్కను పెంచేవారికి రేబిస్ గురించి మీ పశువైద్యుడి మాట

కుక్క కింది దవడ వేలాడుతోంది. చొంగ కారుతోంది, మింగలేకపోతోంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకొని యజమాని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను అన్నింటికంటే భయపెట్టేది ఈ దృశ్యమే.

రేబిస్ అనగానే కనిపించినవారినల్లా కరుస్తూ పరుగెత్తే కుక్క గుర్తొస్తుంది. అది ఒక రూపం. రెండోది మూగ రూపం: కుక్క చీకటి మూల వెతుక్కొని పడుకుంటుంది, గొంతు మారుతుంది, దవడ, కాళ్లు చచ్చుబడతాయి. ‘నీళ్లు తాగుతోంది కాబట్టి రేబిస్ కాదు’ అని చాలామంది ధీమాగా చెబుతారు. నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. కుక్క విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. దవడ వేలాడుతుంటే నోట్లో చెయ్యి పెట్టకండి. దానిని ఒక గదిలో ఉంచి మాకు ఫోన్ చేయండి.

ఈ వైరస్ జబ్బుపడ్డ జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటుతోనే కాదు, గోటి గీరుతోనూ, చిట్లిన చర్మాన్ని, కళ్లను, పెదవులను నాకినా ఒంట్లోకి చేరవచ్చు. అక్కడి నుంచి నరాల వెంట మెల్లగా మెదడు వైపు సాగుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారం రోజుల్లోనే, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా లక్షణాలు బయటపడవచ్చు. బయటపడ్డాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం. అది మెదడును చేరేలోపు దొరికే వ్యవధిలోనే మనం పని పూర్తిచేయాలి.

కాబట్టి కరిచిన వెంటనే గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. బట్టల సబ్బయినా సరే. పదిహేను నిమిషాలంటే గడియారం చూసుకొని పదిహేను నిమిషాలు! తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు వేయకండి. కట్టు బిగించకండి. కుట్లు అవసరమా కాదా అన్నది వైద్యుడే తేల్చాలి.

అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు టీకా చేతికే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండరానికి ఇస్తే 14వ రోజు కూడా ఉంటుంది. చర్మం చీలి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ పుట్టేసరికి వారం పైనే పడుతుంది. అందాకా వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకోవడానికి దీన్ని గాయం చుట్టూ ఎక్కిస్తారు. గర్భిణులు, పసిపిల్లలు కూడా ఈ చికిత్స నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకండి.

కరిచింది మీ కుక్కే అయితే దాచకండి. దాని టీకా కార్డు చూపించండి, పది రోజులు కట్టి ఉంచి గమనించండి. కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే, ఆ పది రోజుల్లోపే అది జబ్బుపడి చనిపోతుంది. అయితే ఆ పది రోజులు గడిచాక చూద్దామని బాధితుల చికిత్స ఆపకూడదు. ముందు మొదలుపెట్టాలి, కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి వైద్యుడు చెబుతారు. కుక్కను కొట్టి చంపితే ఈ ఆధారం పోతుంది.

‘మా కుక్క గడప దాటదు, టీకా ఎందుకు?’ అని వారానికొకరైనా అడుగుతారు. గేటు సందులోంచి మూతి పెట్టినప్పుడు వీధికుక్క ఒక్కసారి కరిస్తే చాలు. ఆ రాత్రి అది మీ పిల్లల పక్కనే పడుకుంటుంది. జబ్బు లక్షణాలు కనిపించడానికి కొన్ని రోజుల ముందు నుంచే దాని లాలాజలంలో వైరస్ ఉంటుంది; అప్పటికి అది మామూలుగానే తోక ఊపుతూ ఉంటుంది. దానికి టీకా వేయించడం అంటే మీ ఇంటివాళ్లందరికీ కాపలా పెట్టడమే. మూడు నెలల వయసులో మొదటి టీకా, మేం చెప్పిన తేదీకి బూస్టర్, ఆపై ఏటేటా వేయించాలి. ఊళ్లోని కుక్కల్లో నూటికి డెబ్బై వాటికి టీకా ఉంటే వైరస్ వ్యాప్తి తెగిపోతుంది. పురపాలక సంఘం కుక్క లైసెన్సుకు టీకా పత్రం అడిగేది అందుకే. టీకా వేసిన కుక్కనైనా వేరే కుక్క కరిస్తే గాయం కడిగి మా దగ్గరికి తీసుకురండి. కడిగేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి.

1885 జులై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తొలి టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. అదే తేదీన మన పట్టణ పశువైద్యశాలలో ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 వరకు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తాం. గొలుసు వేసి, పాత కార్డుతో తీసుకురండి. కొత్తవారిని కరిచే అలవాటుంటే మూతికి చిక్కం కట్టండి. పిల్లల చేతికిచ్చి పంపకండి.