ఆల్టరేషన్ షాపు: ఒక పేజీ ప్లాన్

అక్కకీ బావగారికీ, లోను అడగబోతున్న బ్యాంకు మేనేజరుగారికీ ఇదే కాగితం ఇస్తున్నాను. ఒకరికి ఒక లెక్క, ఇంకొకరికి ఇంకో లెక్క చెప్పడం ఇష్టం లేదు.

పని ఏమిటి

కొత్త బట్టలు కుట్టను. ఉన్న బట్టలు సరిచేస్తాను: ప్యాంటు పొడవు తగ్గించడం, నడుము బిగించడం, వదులు చేయడం, జిప్పు మార్చడం, చిరుగు కనపడకుండా కుట్టడం. టైలర్లకు ఈ పనులంటే చిరాకు. కుట్లు విప్పడానికే సగం టైము పోతుంది, డబ్బు తక్కువ. అందుకే "వచ్చే వారం రండి" అంటారు. తొమ్మిదేళ్లు ఒక షాపులో పని చేశాను కాబట్టి తెలుసు, ఆ మాట నేనూ చాలామందికి చెప్పాను. నా షాపులో ఇవాళ ఇస్తే రేపు సాయంత్రానికి తయారు.

గిరాకీ ఉందా

నాలుగు నెలలుగా ఇంట్లోనే, సాయంత్రం రెండు గంటలు ఈ పని చేస్తున్నాను. నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క: మొదటి నెల 38 బట్టలు, తర్వాత 52, 61, 70. మొత్తం 221లో 97 ప్యాంటు పొడవులే. రెండు బట్టలు మళ్లీ కుట్టాల్సి వచ్చింది, రెండూ నేను కొలత తప్పు తీసుకున్నవే. అప్పటి నుంచి బట్టలు వేయించి, నిలబెట్టి, గుండుసూది గుచ్చాకే కొలుస్తున్నాను. అందుకే షాపులో ట్రయల్ రూము కావాలంటున్నాను, సోకు కోసం కాదు.

ఒక రెడీమేడ్ షాపు, ఒక లాండ్రీ పని పంపిస్తామన్నాయి. నోటి మాటే, రాతపూర్వకంగా ఏమీ లేదు.

పెట్టుబడి

పవర్ మిషను 26,000, బట్ట అంచులు కుట్టే సెకండ్ హ్యాండ్ ఓవర్‌లాక్ మిషను 14,000, టేబులు, స్టీమ్ ఐరన్, అద్దం, ర్యాకు, ట్రయల్ రూము కలిపి 21,000, దారాలు, జిప్పులు, గుండీలు 9,000, గది అడ్వాన్సు 18,000, బోర్డు, రసీదు పుస్తకాలు 6,000. ఇవి 94,000. మూడు నెలల ఖర్చులకు, వాయిదాలకు పక్కన పెట్టేది 62,000. మొత్తం 1,56,000 రూపాయలు.

ఇందులో నాది 56,000. అక్క ఇస్తానన్నది 20,000. బ్యాంకు నుంచి అడుగుతున్నది 80,000, రెండేళ్లకు. వడ్డీ 12 శాతం అనుకుంటే వాయిదా నెలకు సుమారు 3,770.

నెల లెక్క

అద్దె 6,000, హెల్పర్‌కు 9,000 (కుట్లు విప్పడం, ఇస్త్రీ), కరెంటు 1,200, ఫోను, చిల్లర 800. మొత్తం 17,000. వాయిదాతో 20,770.

ఇప్పుడు ఒక్కో బట్టకు సగటున 104 వస్తోంది. రెడీమేడ్ షాపుకు తక్కువకు చేయాలి కాబట్టి ఇక్కడ 90 అనే వేశాను. దారం, జిప్పు కింద 10 పోతే మిగిలేది 80. అంటే నెలకు 260 బట్టలు, 26 పనిదినాల్లో రోజుకు 10 వస్తే ఖర్చు, వాయిదా తీరతాయి. నాకు 12,000 మిగలాలంటే రోజుకు 16 కావాలి. ఒక్కో బట్టకు 20 నిమిషాలు వేసుకున్నా, ఎనిమిది గంటల్లో 24 చేయగలను.

మొదటి నెల రోజుకు 7, రెండో నెల 9, మూడో నెల 10 అనుకున్నాను. మొదటి రెండు నెలల్లో సుమారు 8,300 తక్కువ పడుతుంది, అది పక్కన పెట్టిన డబ్బులోంచి వెళ్తుంది. ఈ మూడు నెలలూ నేను ఏమీ తీసుకోను, ఇల్లు మావారి జీతంతో నడుస్తుంది.

తేడా వస్తే

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది గిరాకీ కాదు, బట్ట పాడవడం. ఖరీదైన సూటు, తోలు జాకెట్టు తీసుకోను. ప్రతి బట్టకు నంబరు చీటీ గుచ్చి, ముందే ఉన్న మరకో చిరుగో రసీదులో రాసి సంతకం తీసుకుంటాను. బట్ట ఇచ్చేటప్పుడే సగం డబ్బు. లేకపోతే తీసుకెళ్లని బట్టలతోనే ర్యాకు నిండుతుంది. హెల్పర్ మానేస్తే, దొరికేదాకా రోజుకు 12కి మించి ఒప్పుకోను.

ఆరో నెల చివరికి కూడా సగటు రోజుకు 10 దాటకపోతే గది ఖాళీ చేసి, మిషన్లు ఇంటికి తెచ్చుకుని, పాత షాపులో ఉద్యోగం అడుగుతాను. అప్పుడు తిరిగొచ్చే అడ్వాన్సు, మిగిలిన నిల్వ ముందు బ్యాంకుకే కడతాను. మిగతా బాకీకి ఓవర్‌లాక్ అమ్ముతాను. అక్క డబ్బు ఆ తర్వాతే, ఈ మాట అక్కతో ముందే అనుకున్నాం. అంతా బాగుంటే ఆమెకు పదమూడో నెల నుంచి నెలకు 2,000 చొప్పున పది నెలల్లో ఇచ్చేస్తాను.

బావగారు "లాభంలో వాటా ఏది?" అని అడిగారు. వాటా లేదు, అది చేబదులు. నోట్‌బుక్ మాత్రం ప్రతి నెలా మొదటి ఆదివారం చూపిస్తాను, బ్యాంకువారు అడిగినా అదే పుస్తకం.