గుర్రంపోడు బత్తాయి తోట బోరు మోటరు: ఒక్క మెసేజ్‌లో పంపాల్సిన వివరాలు

అన్నా, నమస్తే. మీ మెసేజ్ చూసిన. ఏడున్నర హెచ్‌పీ మోటరు ధర అడిగిన్రు. ఇప్పుడే ఒక ధర చెప్పొచ్చు గానీ, ఒకే హెచ్‌పీలో స్టేజీలు మారితే మోటరూ మారుతది, ధరా మారుతది. పైగా మీ బోరుకు ఏడున్నర కావాల్నా, అసలు కొత్త మోటరే కావాల్నా అన్నది ఇంకా తేలలేదు. నేను పూటకొక్కటి అడిగి, మీరు పూటకొక్కటి చెప్పుకుంట పోతే వారం గడుస్తది. ఈ ఎండల్లో గోలీ సైజు కాయ అంత ఆగదు, రాలిపోతది. అందుకే కావాల్సినవన్నీ ఒక్కకాడ రాసి పంపిస్తున్న.

మీరు చెప్పినవి మళ్లీ అడగను, నా దగ్గర రాసుకున్న: గుర్రంపోడు మండలం, బత్తాయి 4 ఎకరాలు, 430 చెట్లు, డ్రిప్పు, బోరు 320 అడుగులు, పాత మోటరు 5 హెచ్‌పీ మూడు ఫేజులది, నెల నుంచి నీళ్లు తగ్గినయి. వీటిలో ఏమన్నా తప్పుంటే పైన ఒక్క లైను రాయండి.

మిగతావి కింద ఉన్నయి. మీకు తెలిసేటట్టు వేరే తోట అంకెలు నింపి పెట్టిన. మొత్తం కాపీ చేసుకొని, ముందటి మాటలు అట్లనే ఉంచి, రెండు చుక్కల తర్వాత ఉన్నది చెరిపి మీది రాయండి. తెల్వనికాడ "తెల్వదు" అని రాయండి, అంచనా మాత్రం వేయొద్దు. తెల్వదంటే నేను వేరే తొవ్వ చూస్త, తప్పు అంకె వస్తే లెక్కంతా తప్పయితది.

బోరు
1. బోరు సైజు: 6.5 ఇంచులు
2. కేసింగ్ ఎంతవరకు: 40 అడుగులు
3. మోటరు ఎంత లోతుకు దింపిన్రు: జీఐ పైపులు 12, మొత్తం 240 అడుగులు
4. తెల్లారి, మోటరు వేయకముందు నీళ్లు ఎంత లోతుల ఉన్నయి: 150 అడుగులు
5. మోటరు వేసినంక ఎంతసేపటికి నీళ్లు తెగుతున్నయి: 25 నిమిషాలు
6. ఆపినంక ఎంతసేపటికి మళ్ల నిండుగ పోస్తది: 40 నిమిషాలు
7. వాల్వు బిగించి, తెగకుండ పోసేటప్పుడు 200 లీటర్ల డ్రమ్ము నిండే టైం: 125 సెకన్లు

మోటరు, కరెంటు
8. నేమ్‌ప్లేట్ మీద ఏమున్నది: 5 హెచ్‌పీ, 15 స్టేజీలు
9. వైండింగ్ ఎన్నిసార్లయింది, చివరిది ఎప్పుడు: 2 సార్లు, పోయిన ఎండకాలం
10. ఓల్టేజీ, మోటరు ఆపి ఉన్నప్పుడు, నడిచేటప్పుడు: 410, 385
11. మూడు ఫేజుల ఆంప్స్: 8.8, 9.0, 8.7
12. నీళ్లు తగ్గకముందు ట్రాన్స్‌ఫార్మర్ గానీ, ఫ్యూజులు గానీ, స్టార్టరు వైర్లు గానీ విప్పిన్రా: లేదు
13. కేబుల్ సైజు, స్టార్టరు నుంచి మోటరు దాక పొడుగు: 2.5 స్క్వేర్ ఎంఎం, 280 అడుగులు
14. స్టార్టరుల కెపాసిటరు, సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఉన్నయా: కెపాసిటరు ఉన్నది, ప్రివెంటరు లేదు

లైను
15. బోరు నుంచి డ్రిప్పు ఫిల్టరు దాక పైపు: రెండించుల నల్లపైపు, 600 అడుగులు
16. బోరు కంటె తోట ఎంత మీదికున్నది: 15 అడుగులు
17. ఫిల్టరు ముందు గేజి, తర్వాత గేజి: 1.5 కిలోలు, 1.2 కిలోలు
18. ఆపంగనే బోరుల నీళ్లు జల్లుమని పడ్డ చప్పుడు వస్తదా: రాదు

దీనితోపాటు మూడు ఫోటోలు పెట్టండి: మూత తీసిన స్టార్టరు, బోరు మూతి దగ్గర వాల్వు, మోటరు బిల్లు. నేమ్‌ప్లేటు బోరుల ఉంటది కాబట్టి 8వ లైనుకు పాత బిల్లు గానీ వారంటీ కార్డు గానీ చూస్తే సరిపోతది, మోటరు పీకొద్దు. స్టార్టరు మూత తీసేముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకండి. ఆంప్స్, ఓల్టేజీ మీరు చూడొద్దు, క్లాంప్ మీటరున్న ఎలక్ట్రీషియన్‌తో చూపియ్యండి. ఒకటే రాకల మూడు ఫేజులూ చూస్తడు.

ఇగ కష్టమైనవి నాలుగో లైను, ఏడో లైను. నాలుగోదానికి, రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాక మోటరు వేయొద్దు. ఆటో స్టార్టరుంటే దాన్ని ఆపి పండండి, లేకుంటే కరెంటు వచ్చినప్పుడల్లా అదే నడుస్తది. తెల్లారినంక నైలాన్ దారానికి బోల్టు కట్టి, బోరు మూత సందుల నుంచి మెల్లగ వదలండి. దారం పైపు క్లాంపులకు, కేబుల్‌కు తట్టుకుంటది. తట్టుకుంటే గుంజొద్దు, కొంచెం మీదికి లేపి తిప్పి వదలండి. బోల్టు నీళ్లను తాకిన చప్పుడు వస్తది, అక్కడ ముడి వేసి పైకి తీసి టేపుతో కొలవండి. పక్క బోరు కూడ ఆపి ఉంటేనే ఈ అంకె పనికొస్తది. ఆ బోరు నడుస్తుంటే ఆ సంగతి కూడ రాయండి.

ఏడోది ఈ మొత్తంల అన్నిటికంటె ముఖ్యం. మోటరు వేసి, నీళ్లు తెగి గాలి కొట్టుడు మొదలుకాంగనే గేట్ వాల్వు కొంచెం కొంచెం బిగించండి. ధార సన్నబడుతది గానీ ఆగకుండ పోస్తది. ఆ సన్న ధార అర్ధ గంట తెగకుండ పోస్తే, బోరు నిజంగ ఇచ్చే నీళ్లు అవే. అప్పుడు 200 లీటర్ల డ్రమ్ము కింద పెట్టి ఫోన్‌ల టైం చూడండి. "రెండించుల నీళ్లు పోస్తున్నయి" అంటే నాకు లెక్కకు రాదు, మొదటి పది నిమిషాలు ఏ బోరైనా రెండించులు పోస్తది. గాలి కొడుతుంటే మాత్రం అట్లనే నడపొద్దు. సబ్‌మెర్సిబుల్ మోటరు చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడుతది, నీళ్లు లేకుండ తిరిగితే లోపల బుష్‌లు పోతయి, వైండింగ్ కాలుతది.

నమూనాలున్న అంకెలతో లెక్క ఎట్ల వస్తదో చూడండి. 200 లీటర్లకు 125 సెకన్లంటే సెకనుకు 1.6 లీటర్లు, గంటకు 5,760 లీటర్లు. ఎత్తు లెక్క: నీళ్లు తెగేది మోటరు కాడనే కాబట్టి 240 అడుగులు, తోట ఎత్తు 15, పైపుల ఒరిపిడికి 10, డ్రిప్పు ఫిల్టరు దగ్గర 1.5 కిలోల ప్రెషర్‌కు 50. మొత్తం 315 అడుగులు, అంటే 96 మీటర్లు. 1.6ను 96తో గుణించి 75తో భాగిస్తే దాదాపు రెండు హెచ్‌పీ. పంపు పనితనం సగమే అనుకున్నా నాలుగు. ఐదు హెచ్‌పీ సరిపోయింది. ఆ బోరుల ఏడున్నర వేస్తే నీళ్లు పెరగవు, 25 నిమిషాలకు తెగేది పదిహేనుకే తెగుతది. మీ 430 చెట్లకు ఇదే బోరనుకుంటే గంటకు చెట్టుకు 13 లీటర్లు. మీకు ఎన్ని గంటలు నడపాల్నో దాన్నిబట్టి తేలుతది.

పైపు లైను విషయంల చాలామంది పొరపాటు పడతరు. సెకనుకు 2.5 లీటర్లు పోయే చోట రెండించుల నల్లపైపు వంద అడుగులకు దాదాపు 2.3 అడుగుల ఎత్తు తింటది, ఒకటిన్నర ఇంచుది దాదాపు 8 అడుగులు తింటది. వెయ్యి అడుగుల లైనైతే తేడా 55 అడుగులకు పైనే. అక్కడ పైపు మారిస్తే చాలు, మోటరు జోలికి పోనక్కర్లేదు. నడుమల పైపు సైజు మారితే 15లో రెండు ముక్కలూ వేరేగ రాయండి.

12, 18 చిన్నగ కనిపిస్తయి గానీ ఖర్చు ఆపేటివి అవే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడో, ఫ్యూజులు, వైర్లు విప్పి కట్టినప్పుడో రెండు ఫేజులు తారుమారైతే మోటరు ఉల్టా తిరుగుతది. అయినా కొన్ని నీళ్లు పోస్తది కాబట్టి బోరు ఎండిందనుకుంటరు. స్టార్టరుల ఏ రెండు ఫేజు వైర్లయినా అటిటు మారిస్తే పోయిన నీళ్లు తిరిగి వస్తయి. జల్లుమనే చప్పుడుంటే జీఐ పైపుకు తూటు పడ్డట్టు, లేకుంటే నాన్ రిటర్న్ వాల్వు పట్టుకుంటలేనట్టు. అప్పుడు పైపులు తీసి ఆ ఒక్కటి మారిస్తే సరిపోతది.

ఆంప్స్ నేమ్‌ప్లేటు కంటె బాగా తక్కువుండి నీళ్లు కూడ తక్కువుంటే ఇంపెల్లర్లు అరిగినట్టు, లేదా నీళ్లే లేనట్టు, ఏదన్నది 5, 7 లైన్లు చెప్తయి. ఆంప్స్ ఎక్కువుంటే ఓల్టేజీ చూడాలె, ఓల్టేజీ పడ్డకొద్దీ మోటరు ఎక్కువ గుంజుతది. మూడు ఫేజులల్ల ఒకటి మిగతా రెండిటికంటె దూరంగ ఉంటే ముందుగాల స్టార్టరు కాంటాక్టులు, కేబుల్ జాయింట్లు చూపియ్యండి. కేబుల్ లెక్క కూడ అందుకే అడిగిన: 9 ఆంప్స్‌కు వంద మీటర్ల 2.5 కేబుల్‌ల దాదాపు 11 ఓల్టులు పోతయి, 4 కేబుల్‌ల 7. స్టార్టరు దాక వచ్చే ఓల్టేజీ మంచిగున్నకాడ ఇది పెద్ద సంగతి కాదు. లైను చివర, ఊరంత మోటర్లు ఒకటేసారి లేచేకాడ మాత్రం చూడాలె.

మీ జవాబు మధ్యాహ్నంలోపు వస్తే సాయంత్రానికి మూడిట్ల ఒకటి చెప్త: రిపేరుతోనే సరిపోతదా, ఐదులోనే స్టేజీలు మార్చాల్నా, పెద్దది వేయాల్నా. మోటరు కావాలంటే హెచ్‌పీ, స్టేజీలు, కేబుల్, పైపులు, క్రేన్ కిరాయి వేరువేరుగ రాసి ధర పెడత.

18 లైన్లూ ఒకే రోజు కాకపోతే 3, 5, 7, 11, 12 పంపండి, వీటితో మొదలుపెట్టొచ్చు. ఇంకొక్క మాట: పక్కోళ్లు చెప్పిన్రని క్రేన్ పిలిచి మోటరు బయటికి తీస్తే ఏడో లైను ఇగ కొలవరాదు. ఆ డ్రమ్ము టెస్టు అయ్యేదాక మోటరు బోరులనే ఉండనీయండి.