సర్టిఫికెట్‌లో మతం, ఆచరణలో మతం: గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల వృత్తివిద్యా విద్యార్థుల మతపరమైన గుర్తింపుపై పీహెచ్‌డీ పరిశోధన ప్రతిపాదన

సోషియాలజీ విభాగం, రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ పరిశీలనకు
జూన్ 2026

సమస్య

వృత్తివిద్యా కళాశాలలో చేరే విద్యార్థి మతం మొదట కౌన్సెలింగ్ కాగితాల్లో నమోదవుతుంది. కుల ధ్రువపత్రం, ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ దరఖాస్తు అన్నీ ఆ నమోదు చుట్టూనే తిరుగుతాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు కానీ క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారు బీసీ-సీ కింద 1 శాతం కోటాలోకి వస్తారు. కొన్ని ముస్లిం వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద 4 శాతం ఉంది. అంటే మతం పేరు మారితే సీటు, ఫీజు కూడా మారతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2001 జనగణనలో 1.55 శాతం, 2011లో 1.34 శాతం. 1842లోనే లూథరన్ మిషన్ మొదలైన గుంటూరులో ఆదివారం ఉదయం ఏ పేటలో నడిచినా ఈ అంకెలు నమ్మబుద్ధి కావు. ఇక్కడ తప్పు లెక్కపెట్టినవారిది కాకపోవచ్చు. ‘మీ మతం ఏది’ అన్న ప్రశ్నకు జనం చెప్పేది కాగితం మీది జవాబు. అదే ప్రశ్నతో కళాశాలలో సర్వే చేస్తే మనకూ కాగితం జవాబే వస్తుంది.

విషయం క్రైస్తవులతో ఆగిపోదు. మాల వేసుకుని 41 రోజులు నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా ల్యాబ్‌కు వచ్చే బీటెక్ విద్యార్థి, శుక్రవారం మధ్యాహ్నం క్లాసుకూ నమాజుకూ మధ్య ఒకటి ఎంచుకోవాల్సిన ఫార్మసీ విద్యార్థి, ఇంట్లో పూజ చేస్తూ హాస్టల్లో ప్రార్థన బృందంలో కూర్చునే నర్సింగ్ విద్యార్థిని, దరఖాస్తులో మతం గడి ఖాళీగా వదిలే లా విద్యార్థి కూడా ఈ పరిశోధన పరిధిలోకి వస్తారు. ఈ చివరి రకం వారిని తీసిపారేయలేం. నాస్తిక కేంద్రం 1947 నుంచి విజయవాడలోనే ఉంది.

పరిశోధన ప్రశ్నలు

విద్యార్థులు తమ మతాన్ని ఏ సందర్భంలో ఎలా చెప్పుకుంటారు, ఎక్కడ చెప్పరు? కాగితంలో ఉన్న మతానికీ పాటించే మతానికీ తేడా ఎంతమందిలో ఉంది? ఆ తేడాతో వాళ్లు రోజూ ఎలా బతుకుతున్నారు, కోర్సు సంవత్సరాలు గడిచేకొద్దీ అందులో ఏం మారుతోంది?

మొదటి, మూడో ప్రశ్నలకు మాటల్లో జవాబు కావాలి. రెండోదానికి అంకె కావాలి. పద్ధతి ఎంపిక ఇక్కడి నుంచే మొదలైంది.

పద్ధతి ఎంపిక

సర్వే ఒక్కటే సరిపోతుందా అని మొదట చూశాం. ఖర్చు తక్కువ, కళాశాలల మధ్య పోలికకు వీలుంటుంది. చిక్కు భాషలో ఉంది. మతం ఒకరి జీవితంలో ఎంత కేంద్రంగా ఉందో కొలిచే హ్యూబర్ స్కేల్‌కు బహుమత సమాజాల కోసం 7, 14, 20 అంశాల రూపాలున్నాయి. 14 అంశాల రూపాన్ని తెలుగులోకి తేబోతే మూడో వాక్యం దగ్గరే ఆగాం. ‘ప్రార్థన’ అంటే కోస్తా పల్లెల్లో చాలామందికి చర్చి గుర్తుకొస్తుంది. ‘పూజ’ అంటే ముస్లిం, క్రైస్తవ విద్యార్థులు పేజీ తిప్పేస్తారు. ‘మందిరానికి ఎంత తరచుగా వెళ్తారు’ అన్నది ఇంకా గడ్డు ప్రశ్న. గుడినీ మందిరమే అంటారు, చర్చినీ మందిరమే అంటారు. ‘విశ్వాసి’ అన్న మాట పైకి ఏ మతానిదీ కాదనిపిస్తుంది కానీ ఇక్కడ అది క్రైస్తవుల వాడుక. ఈ మాటలు సరిదిద్దకుండా 800 మంది చేత నింపించినా వచ్చేది తప్పుడు కొలతే. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటినంత మాత్రాన ఆ తప్పు బయటపడదు. అందరూ ఒకేలా అపార్థం చేసుకున్నా ఆల్ఫా బాగానే వస్తుంది.

ఇంటర్వ్యూలు ఒక్కటే చాలవా? రెండు పేర్లున్న విద్యార్థిని తీసుకుందాం: మార్కుల లిస్టులో వెంకటేశ్వర్లు, సంఘంలో శామ్యూల్. ఏ పేరుతో ఎవరు పిలిస్తే పలుకుతాడు, హాస్టల్ గదిలో బైబిల్ ఎక్కడ పెడతాడు, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ఏం చెబుతాడు అన్నవి గంటసేపు మాట్లాడితేనే తెలుస్తాయి. కానీ అలాంటివారు వందమందిలో ఇద్దరా, ఇరవైమందా అన్నది 30 ఇంటర్వ్యూలతో తేలదు. మనకు దొరికేవారు ఎక్కువగా మాట్లాడటానికి ఇష్టపడేవారే.

అందుకే మిశ్రమ పద్ధతి. అందులో రెండింటినీ ఒకేసారి నడిపే నమూనాను వద్దనుకున్నాం, ఎందుకంటే మాటలు తేలకముందే ప్రశ్నావళి ముద్రించాల్సి వస్తుంది. సర్వే ముందు, ఇంటర్వ్యూలు తర్వాత అనే వరుసకూ అదే లోపం. ఇంటర్వ్యూలతో మొదలై, వాటి నుంచి ప్రశ్నావళి పుట్టి, సర్వే తర్వాత మళ్లీ కొద్దిమంది దగ్గరకు వెళ్లే వరుసను ప్రతిపాదిస్తున్నాం. ఆలస్యమవుతుందన్న మాట నిజమే. ప్రశ్నావళి తయారీకే మూడు నెలలు పోతాయి.

మొదటి దశ: 20 ఇంటర్వ్యూలు (ఆగస్టు–అక్టోబరు 2026)

ఇంజినీరింగ్, ఫార్మసీ, నర్సింగ్, లా కోర్సుల నుంచి కోర్సుకు ఐదుగురు. 18 ఏళ్లు నిండినవారినే తీసుకుంటాం. మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవారు కొందరుంటారు కాబట్టి మాట్లాడటానికి ముందే వయసు అడుగుతాం. ఇంటర్వ్యూ కళాశాల ఆవరణలో జరగదు. వార్డెన్ గది, స్టాఫ్ రూం అసలే వద్దు. ప్రజా గ్రంథాలయంలోనో, విద్యార్థి చెప్పిన చోటనో కూర్చుంటాం.

‘మీరు ఏ మతం’ అని మొదలుపెట్టం. మొదటి ప్రశ్న: ‘పోయిన ఆదివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఏం చేశారో చెప్పండి.’ తర్వాత: ‘హాస్టల్లో కొత్త రూమ్మేట్ వచ్చినప్పుడు మీ గురించి ముందు ఏం చెబుతారు, ఏం చెప్పరు?’ మూడోది: ‘ఇంట్లో వాళ్లకు తెలిసి కాలేజీలో తెలియనిది, కాలేజీలో తెలిసి ఇంట్లో తెలియనిది ఏమైనా ఉందా?’ మతం వాళ్లంతట వాళ్లు ఎత్తితేనే దాని మీద లోతుగా అడుగుతాం. అడిగేవారి పేరు, బొట్టు, ఇంటిపేరు జవాబును మారుస్తాయి. దీన్ని పూర్తిగా తప్పించలేం. అందుకే ప్రతి ఇంటర్వ్యూ చివర ‘నా గురించి మీరు ఏం అనుకున్నారు’ అని అడిగి ఆ జవాబును విశ్లేషణలో వాడతాం.

ఒక్కోటి సగటున 70 నిమిషాలు. గంట రికార్డింగును రాతలో పెట్టడానికి ఆరు గంటలు పడుతుంది కాబట్టి 20 ఇంటర్వ్యూలకు 140 గంటల పని.

రెండో దశ: సర్వే (జనవరి 20–ఫిబ్రవరి 6, 2027)

తేదీలు ఊరికే పెట్టలేదు. కార్తీకం, మాలల కాలం, క్రిస్మస్ నడుస్తుండగా అడిగితే ఆచరణ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. సంక్రాంతి సెలవులు ముగిశాక, రంజాన్ మొదలయ్యేలోపు దొరికేది ఈ పక్షం రోజులే. రిపబ్లిక్ డే, ఆదివారాలు తీసేస్తే 15 పనిదినాలు, 32 సెక్షన్లు, రోజుకు రెండు, అవసరమైతే మూడు చొప్పున. జారితే ఏప్రిల్ దాకా ఆగాలి, అప్పటికి సెమిస్టర్ పరీక్షలు నెత్తిమీదుంటాయి.

నమూనా లెక్క: 95 శాతం నమ్మకం, 5 శాతం తేడా పరిమితితో n = z²pq/e² ప్రకారం 384 మంది. అయితే మనం సెక్షన్ల వారీగా తీసుకుంటున్నాం, ఒకే సెక్షన్‌లోని వారి జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను 0.04 అనుకుంటే, సెక్షన్‌కు 24 మంది చొప్పున డిజైన్ ఎఫెక్ట్ 1 + 23 × 0.04 = 1.92. అప్పుడు 738 మంది కావాలి. పది శాతం మంది నింపకపోవచ్చని 832 మందిని ఎంచుతాం: కోర్సుకు రెండు చొప్పున 8 కళాశాలలు, కళాశాలకు 4 సెక్షన్లు, సెక్షన్‌కు హాజరుపట్టీ నుంచి లాటరీ తీసి 26 మంది. ఐదేళ్ల లా కోర్సులో చివరి ఏడాది వదిలేస్తున్నాం. కోర్సుకు ఒక మైనారిటీ కళాశాల ఉండేలా చూస్తాం. పోలిక 0.04 అన్నది అంచనా మాత్రమే. మొదటి 8 సెక్షన్ల డేటాలో 0.08 తేలితే ఇంకో 15 సెక్షన్లు చేర్చడం ఒక్కరి వల్ల కాదు. అప్పుడు తేడా పరిమితి దాదాపు 6 శాతమని ఒప్పుకుని అలాగే రాస్తాం.

ప్రశ్నావళి కాగితం మీదే ఉంటుంది. గూగుల్ ఫాం తేలిక, కానీ మెయిల్ ఐడీ నమోదవుతుందన్న అనుమానం ఒక్కరికి వచ్చినా సెక్షన్ మొత్తానికి పాకుతుంది.

ఇక అసలు ప్రశ్న. ‘కాగితాల్లో ఉన్న నా మతం, నేను పాటించేది వేరు’ అని ఎస్సీ విద్యార్థి రాసిచ్చిన కాగితం అతని మీద సాక్ష్యంగా మారే ప్రమాదం ఉంది. కాబట్టి సూటిగా అడగం. ప్రతి విద్యార్థికీ పేపర్ కప్పులో ఒక లూడో పాచిక ఇస్తాం. ఎవరికీ చూపకుండా కప్పులోనే ఊపాలి. 1 పడితే నిజంతో పనిలేకుండా ‘అవును’ అని, 6 పడితే ‘కాదు’ అని రాయాలి. 2 నుంచి 5 పడితే నిజం రాయాలి. అప్పుడు ఎవరి ‘అవును’ దేన్నీ రుజువు చేయదు. మొత్తంలో ‘అవును’ల వాటా p అయితే అసలు వాటా:

```
π = (p − 1/6) ÷ (2/3)
```

దీనికి మూల్యం ఉంది. అసలు వాటా 10 శాతమైతే, దాదాపు 750 మందితో అంచనా అటూ ఇటూ 4.5 శాతం ఊగుతుంది, సెక్షన్ల ప్రభావం ఇంకా కలపకుండానే. కాబట్టి ఈ అంకెను మొత్తానికే ఇస్తాం, కళాశాలవారీగా, కోర్సువారీగా ఇవ్వం. నాణెం వాడితే ఊగిసలాట 7 శాతం దాటేది. పాచికలోనూ ఒక గండం ఉంది: 1 పడ్డా ‘అవును’ రాయడానికి చేయి రాక కొందరు ‘కాదు’ అంటారు. డిసెంబరులో 60 మందితో చేసే ముందస్తు పరీక్షలో, ‘మీరు ఫిబ్రవరిలో పుట్టారా’ వంటి, జవాబు కళాశాల అడ్మిషన్ రికార్డులతో సరిచూడగల ప్రశ్నను ఇదే పద్ధతిలో అడుగుతాం. లెక్క కుదరకపోతే పాచికను వదిలేస్తాం, రెండో పరిశోధన ప్రశ్నకు అంకె ఉండదు.

సర్వేలో కులం అడగం, బ్రాంచి అడగం. దానివల్ల కులంతో పోలిక చేసే అవకాశం పోతుంది, అది చిన్న నష్టం కాదు. కానీ కులం, సంవత్సరం, బ్రాంచి మూడూ కలిస్తే 60 మంది సెక్షన్‌లో మనిషిని వేలు పెట్టి చూపించవచ్చు. నివేదికలో పదిమంది కంటే తక్కువున్న గడిని చూపించం.

మూడో దశ: తిరిగి 14 ఇంటర్వ్యూలు (మార్చి రెండో సగం–ఏప్రిల్ 2027)

పేరులేని సర్వే నుంచి మనిషిని వెతకలేం. అందుకని ప్రశ్నావళితో పాటు వేరే చీటీ ఇస్తాం. ఇష్టమున్నవారు ఫోన్ నంబరు రాసి రెండో డబ్బాలో వేస్తారు. రెండు డబ్బాలనూ కలిపే గుర్తు ఏదీ ఉండదు. సర్వేలో కనిపించిన పొంతనలేని ఫలితాలను, ఉదాహరణకు ఆచరణ తగ్గినా ‘నా మతం నాకు ముఖ్యం’ అన్న స్కోరు పెరగడాన్ని, వీరి ముందు పెట్టి వివరణ అడుగుతాం.

డేటా భద్రత

రికార్డింగులు రాతలోకి వచ్చిన 30 రోజుల్లో చెరిపేస్తాం. కళాశాలలకు సెక్షన్‌వారీ ఫలితాలు ఇవ్వం, ప్రిన్సిపాల్ అనుమతి పత్రంలోనే ఈ షరతు ఉంటుంది. దీనికి ఒప్పుకోని కళాశాలను వదిలి అదే కోర్సులోని ఇంకో కళాశాలను తీసుకుంటాం.

కమిటీని కోరుతున్నది

రెండు అనుమతులు. ఒకటి, మొదటి దశ ముగిశాక ప్రశ్నావళిని మార్చి, నవంబరు 30లోపు ఎథిక్స్ కమిటీకి రెండోసారి సమర్పించడానికి. రెండు, సంతకంతో కూడిన అంగీకార పత్రం బదులు సర్వేకు మౌఖిక అంగీకారం తీసుకోవడానికి. పేరులేని ప్రశ్నావళి పక్కన సంతకమున్న కాగితం ఉంటే, పైన చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ ఒక్క కాగితంతో వ్యర్థమవుతాయి.