బియ్యం మిశ్రమం లెక్క: వెయిటెడ్ యావరేజ్ పద్ధతి, సరిచూపుతో

ఫొటోలో ఉన్న ప్రశ్న: కర్నూలులో ఒక వ్యాపారి కిలో రూ.52 సోనా బియ్యాన్ని కిలో రూ.64 బియ్యంతో కలిపి 75 కిలోల మిశ్రమం చేశాడు. దాన్ని కిలో రూ.66కు అమ్మితే 10% లాభం వచ్చింది. రూ.52 రకం ఎన్ని కిలోలు?
ఎ) 20  బి) 25  సి) 30  డి) 50

పేజీ మడత పడినచోట 64 కాస్తా 84లా కనిపిస్తోంది. 84 అనుకొని చేస్తే జవాబు 56.25 వస్తుంది, అది ఆప్షన్లలో లేదు. కాబట్టి 64 అనే తీసుకోండి.

ముందు అమ్మిన ధరను కొన్న ధరగా మార్చాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. 66 అమ్మిన ధర. రెండు రకాల్లో ఖరీదైనదే 64 అయినప్పుడు వాటి సగటు 66 ఎలా అవుతుంది? సగటు ఎప్పుడూ రెండు ధరల మధ్యే ఉండాలి. లాభం కొన్న ధర మీద లెక్క కాబట్టి 66లోంచి 10% తీసేసి 59.40 అన్నా తప్పే. 1.10తో భాగించాలి:

66 ÷ 1.10 = 60

అంటే మిశ్రమం కిలో రూ.60 పడింది. చౌక రకం x కిలోలు అనుకుంటే ఖరీదైనది (75 − x) కిలోలు. ఒక్కో రకం ధరను దాని బరువుతో గుణించి కలిపితే మొత్తం ఖర్చు రావాలి:

52x + 64(75 − x) = 60 × 75
52x + 4800 − 64x = 4500
12x = 300
x = 25

జవాబు బి) 25 కిలోలు. ఖరీదైన రకం 50 కిలోలు.

సగటుకూ ఒక్కో ధరకూ ఉన్న తేడాను అవతలి రకానికి వాటాగా రాసే అలిగేషన్ పద్ధతిలో ఇదే లెక్క రెండు తీసివేతల్లో తేలిపోతుంది. 64 − 60 = 4 చౌక రకం వాటా, 60 − 52 = 8 ఖరీదైన రకం వాటా; 4 : 8 అంటే 1 : 2. తేడాలు ఎందుకు అడ్డంగా మారతాయో అర్థమైతే నిష్పత్తి తిరగబడదు. చౌక బియ్యం ప్రతి కిలో సగటుకు 8 రూపాయలు తక్కువ, ఖరీదైనది 4 రూపాయలే ఎక్కువ. ఒక కిలో చౌక రకం లాగిన లోటును పూడ్చడానికి రెండు కిలోల ఖరీదైనది కావాలి. 60 కూడా 64కే దగ్గరగా ఉంది, కాబట్టి ఆ రకమే ఎక్కువ పడాలి.

సరిచూద్దాం. 25 × 52 = 1300, 50 × 64 = 3200, మొత్తం 4500. అమ్మితే 75 × 66 = 4950. లాభం 450, అది 4500లో సరిగ్గా 10%.

ఆప్షన్ డి) 50 ఊరికే పెట్టలేదు. నిష్పత్తిని 2 : 1గా తిప్పినవాళ్లు దాన్నే గుర్తిస్తారు. దాన్నీ సరిచూడండి: 50 × 52 + 25 × 64 = 4200, కిలోకు 56 మాత్రమే. 66కు అమ్మితే లాభం దాదాపు 18% అవుతుంది, 10 కాదు.