సుజాత గారికి

సుజాత గారూ,

నాన్నగారు పోయారని నిన్న సాయంత్రం మేనేజర్ గారు చెప్పారు. గురువారం ఫోన్ రాగానే మీరు బ్యాగు జిప్ కూడా వేసుకోకుండా అమలాపురం బస్సుకి పరుగెత్తారు. గండం గడిచి, రెండు రోజుల్లో ఇంటికి తెచ్చేసుకుంటారనే అనుకున్నాం. చాలా బాధగా ఉంది.

ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుని మానేశాను. ఇల్లంతా జనం ఉంటారు, వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే సంగతి మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంటుంది. నాకూ చెప్పాల్సిన అవసరం లేదు.

నాన్నగారిని నేను చూసింది ఒక్కసారే. ఈ సంగతి మీకు చెప్పానో లేదో గుర్తులేదు. పోయిన సంక్రాంతి ముందు కాకినాడ వచ్చినప్పుడు, పాస్‌బుక్ ప్రింట్ వేయించుకోవడానికి మన బ్రాంచికి వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో క్యాప్ పెట్టిన ఇంకు పెన్ను. టోకెన్ రెండుగా మడిచి పట్టుకుని బెంచీ చివర కూర్చున్నారు. మీ నాన్నగారని తెలిసి లోపలికి రమ్మన్నాను. "వరుస వరుసేనమ్మా" అన్నారు. పోనీ మిమ్మల్ని పిలవనా అంటే వద్దన్నట్టు చెయ్యి ఊపి, "పనిలో ఉంది, కదిలించకండి" అన్నారు. తన నంబరు వచ్చేదాకా, దాదాపు అరగంట, మీ సీటు వైపే చూస్తూ కూర్చున్నారు. పిల్లలకి పాఠం చెప్పిన మాస్టారు కదా, కళ్లలో సంతోషం దాచుకోవడం ఆయనకి చేతకాలేదు. అది మీకు చేరాలని రాస్తున్నాను.

ఇక్కడి పని గురించి ఆలోచన పెట్టుకోకండి. మీ దగ్గరున్న లోన్ ఫైళ్లు నేనూ రమేష్ గారూ పంచుకున్నాం. సెలవు సంగతి మేనేజర్ గారే చూసుకుంటానన్నారు. పెద్దకర్మ అయ్యాక కూడా అమ్మగారి దగ్గర ఉండాలనిపిస్తే ఉండిపోండి, నాలుగు రోజులు అటూఇటూ అయినా ఇక్కడ ఏమీ ఆగదు.

ఈ సమయంలో కాగితాల మాట ఎత్తడం నాకే ఇబ్బందిగా ఉంది. కానీ కౌంటర్‌లో రోజూ చూస్తుంటాం కాబట్టి ఒక్కటి చెప్తాను. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే తర్వాత తిరుగుడు ఉండదు. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కి ఆ సర్టిఫికెట్ కావాలి, నాలుగైదు కాపీలు ఎక్కువే తీసుకోమని మీ తమ్ముడితో చెప్పండి. ట్రెజరీకి ఇవ్వాల్సిన కాగితాలు మీరు వచ్చాక ఇద్దరం కూర్చుని రాద్దాం. మిగతావన్నీ ఆగుతాయి.

వేళకి ఇంత తినండి. అమ్మగారిని కూడా తినమనండి, మీరు పక్కన కూర్చుంటేనే తింటారేమో.

పెద్దకర్మ రోజు పొద్దున్నే బ్రాంచి నుంచి మేం ముగ్గురం వస్తాం. మా కోసం ఏ ఏర్పాట్లూ వద్దు. దీనికి జవాబు కూడా రాయక్కర్లేదు.

విజయ