ఆటోమేటిక్ జవాబు: ఇంట్లో దుఃఖం వల్ల నవంబర్ 17 వరకు అందుబాటులో ఉండను

నమస్కారం.

మీ మెయిల్ చేరింది. మా ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నాం. నవంబర్ 17 వరకు మెయిళ్లు చూడను, ఫోన్ ఎత్తను. 18న ఆఫీసుకు వస్తాను.

అప్పటిదాకా ఆఫీసు తెరిచే ఉంటుంది. నెలవారీ రిటర్నులు శ్రీలత చూస్తుంది. రైస్ మిల్లుల పని, నోటీసులు మిర్యాలగూడ సైదులు గారు చూస్తారు. ఇద్దరి నంబర్లూ మీ ఫోన్లో ఉండే ఉంటాయి. లేకపోతే ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా మీరు ఎప్పుడూ చేసే ఆఫీసు నంబరుకే చేయండి.

ఎవరు, ఎట్ల, ఎప్పుడు అని దయచేసి అడగవద్దు. ఇప్పుడు ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక నాకు లేదు. అడగనందుకు ఎవరినీ తప్పుగా అనుకోను.

మొదటిసారి రాసినవాళ్లకు, బ్యాంకువాళ్లకు, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఇంతవరకు చదివితే చాలు. కింద రాసిందంతా నెలనెలా మా దగ్గర లెక్కలు చూపించుకునేవాళ్ల కోసం. పొడుగ్గానే ఉంది. ఈ నెల తేదీలన్నీ మీద పడే సమయం కాబట్టి, మీ ప్రశ్నకు ఇక్కడే జవాబు దొరికితే శ్రీలతకు కొన్ని ఫోన్లయినా తగ్గుతాయని ఇంత రాశాను.

మీరు దీన్ని ఏ రోజు చదువుతారో తెలియదు, అందుకే తేదీల వరుసలో చెబుతున్నాను. దాటిపోయినవి వదిలేయండి.

నవంబర్ 7 అక్టోబర్ టీడీఎస్ కట్టే గడువు. చలాన్లు తయారుచేసి మీ మీ మెయిళ్లకు పంపేశాం. కట్టాక రసీదు పంపితే చాలు.

నవంబర్ 11 జీఎస్టీఆర్-1. ఈ ఒక్కదాంట్లో ఆలస్యం చేయకండి. మీరు 11 దాటిస్తే మీ దగ్గర సరుకు కొన్న షాపువాళ్ల టూబీలో మీ బిల్లు ఈ నెల కనిపించదు. ఆ టూబీ 14న తయారవుతుంది. క్రెడిట్ రాలేదని వాళ్లు మీమీద పడతారు, మీరు శ్రీలత మీద పడతారు. కాబట్టి అక్టోబర్ అమ్మకాల బిల్లులు 9 సాయంత్రానికి ఆఫీసులో ఉండాలి. ఫోటోలు తీసి పంపేవాళ్లు బిల్లు నంబరు, తేదీ, కొన్నవాళ్ల జీఎస్టీ నంబరు మూడూ కనిపించేలా తీయండి. సగం బిల్లు వేలు కింద దాచిన ఫోటోల్ని నేనైతే అలవాటు కొద్దీ చదివేస్తాను, శ్రీలతకు ఆ విద్య ఇంకా రాలేదు.

మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్లు ఐఎఫ్‌ఎఫ్‌లో బిల్లులు ఎక్కించుకోవడానికి 13 వరకు గడువుంది. అది వేసి తీరాలన్న నిబంధనేం లేదు. మీ దగ్గర కొన్నవాళ్లు క్రెడిట్ అడిగితేనే వేయండి. ఈ నెల పన్ను మాత్రం 25 లోపు కట్టాలి, అప్పటికి నేను వచ్చేసి ఉంటాను.

పీఎఫ్, ఈఎస్ఐ 15. జిన్నింగ్ మిల్లులవాళ్లు పత్తి సీజన్‌కు తీసుకున్న కొత్త కూలీల ఆధార్, బ్యాంకు వివరాలు 12 లోపు ఇవ్వండి.

త్రీబీ 20. దీన్ని నేనే చూస్తాను. దీనికి ఇంకో సంగతి ముడిపడి ఉంది. పోయిన ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద తీసుకోకుండా మిగిలిపోయిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను నవంబర్ 30 దాటితే ఇక తీసుకోలేం. మనం 20న వేసే అక్టోబర్ త్రీబీయే దానికి మామూలుగా చివరి అవకాశం. బీరువాలోనో, లారీ డ్రైవర్ దగ్గరో, పాత క్యాలెండర్ వెనకో ఉండిపోయిన కొనుగోలు బిల్లులుంటే ఈ పది రోజుల్లో వెతికి శ్రీలతకు ఇవ్వండి. ఆమె టూబీతో పోల్చి పెడుతుంది, 18, 19 తేదీల్లో కూర్చుని నేను తేలుస్తాను. నేను ఆఫీసులో లేనని ఈ పని ఆపుకోకండి. త్రీబీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఇంత డబ్బు పోగొట్టుకోవాల్సిన అవసరం మీకు లేదు.

రైస్ మిల్లులవాళ్లకు: అమ్మకాల లిస్టులో 25 కిలోలు, అంతకన్నా చిన్న లేబుల్ సంచుల్ని ఒక వరుసలో, 26 కిలోల సంచుల్ని వేరే వరుసలో రాయండి. మొదటివాటికి 5 శాతం పన్ను, రెండోవాటికి లేదు. కలిపి రాస్తే విడదీయడానికి సైదులు గారికి ఒక రోజు పడుతుంది, ఆయనకు సొంత మిల్లుల పని కూడా ఉంది. తవుడు, నూకలు మళ్లీ వేరే.

రాత్రి పూట లారీ ఆగింది, ఈవే బిల్లు గడువు అయిపోయిందని వచ్చే ఫోన్లు ఈసారి నాకు చేయకండి. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరాక ఎనిమిది గంటల వరకు పొడిగించుకోవచ్చు. మీ గుమాస్తాకు ఆ పని వచ్చు, మొన్న దసరా ముందు నేర్పించాను. అప్పటికీ కుదరకపోతే సైదులు గారికి చేయండి, పదకొండు దాటాక మాత్రం తెల్లవారే వరకు ఆగండి.

బత్తాయి వ్యాపారులకు ఈ నెల పెద్దగా ఏమీ లేదు. తాజా పండ్ల మీద పన్ను లేదు. పండ్లతో సహా ఏ అమ్మకాలూ, కొనుగోళ్లూ లేని నెలైతేనే నిల్ రిటర్ను. దాన్ని పోర్టల్‌లో ఇచ్చిన మీ ఫోన్ నుంచి 14409కు ఎస్సెమ్మెస్ చేసి మీరే వేసుకోవచ్చు. కొందరికి చూపించాను కూడా. ధైర్యం చాలకపోతే శ్రీలత వేసి పెడుతుంది.

నోటీసు వస్తే ముందు అందులో జవాబుకు ఇచ్చిన తేదీ చూడండి. అది 25 తర్వాతైతే ఫైలులో పెట్టి నాకోసం ఆగండి. అంతకు ముందైతే నోటీసు మొత్తం, మొదటి పేజీ ఒక్కటే కాదు, సైదులు గారికి పంపండి. విచారణకు రమ్మని పిలిస్తే వాయిదా అడగవచ్చు. సరైన కారణం చూపితే అధికారి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కారణంగా మా ఇంటి విషయం రాయకండి. 'మా కన్సల్టెంట్ అందుబాటులో లేరు' అంటే సరిపోతుంది. నోటీసు పట్టుకుని ఒంటరిగా ఆఫీసుకు వెళ్లి, అక్కడ ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం పెట్టి రాకండి.

ఓటీపీల సంగతి గట్టిగా చెబుతున్నాను. అవి మీ ఫోన్‌కు వస్తాయి, ఇన్నాళ్లూ నాకు చెబుతున్నారు. ఈ రోజుల్లో శ్రీలతకు చెప్పండి, అదీ ఆఫీసు నంబరు నుంచి ఆమే ఫోన్ చేసినప్పుడు. 'స్వరూప మేడం బాధలో ఉన్నారు, మేం చూస్తున్నాం' అని వేరే నంబరు నుంచి ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకుండా ఫోన్ పెట్టేయండి. ఇంట్లో ఏదైనా జరిగిందని తెలిస్తే ఇలాంటివాళ్లకు అదే సందు. నా పేరు మీద, నా ఖర్చులకని డబ్బు అడిగినా ఇవ్వకండి. నేను ఎవరినీ అడగలేదు, అడగను.

ఈ మెయిల్ పెట్టెను ఈ రోజుల్లో శ్రీలతే తెరుస్తుంది. నాకు సొంతంగా నాలుగు మాటలు రాయాలనుకుంటే సబ్జెక్టులో 'సొంతం' అని పెట్టండి, అవి ఆమె ముట్టదు. నాకు వీలైనప్పుడు చదువుకుంటాను. జవాబు రాయకపోవచ్చు. జవాబు రాలేదంటే చదవలేదని కాదు.

మనది చిన్న ఊరు. క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్ అయ్యేలోపు ఎవరింట్లో ఏమైందో ఊరంతా తెలుస్తుంది. మీకూ తెలిసి ఉండవచ్చు, అందులో తప్పేం లేదు. తెలిసినా తెలియకపోయినా శ్రీలతను మాత్రం అడగకండి. ఆ పిల్లకు నేను చెప్పిందల్లా తేదీలు, ఫైళ్ల సంగతులే. పెద్దకర్మ ఇంటివాళ్ల వరకే చేసుకుంటున్నాం. పరామర్శకు బయలుదేరేవాళ్లను వద్దనడం మన పద్ధతి కాదని తెలుసు. మా పెద్దవాళ్లు కూడా ఈ మాటకు ఒప్పుకోలేదు. అయినా చెబుతున్నాను, నాకు ఇప్పుడు ఇల్లు కొంచెం ఖాళీగా ఉండాలి. దూరం నుంచి రావాలనుకున్నవాళ్లు డిసెంబర్‌లో రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో 'ఓం శాంతి' పెట్టకండి. ఒకరు పెడితే మిగతావాళ్లూ పెట్టక తప్పదు, ఆ చేతులు జోడించిన బొమ్మల కింద ఎవరో ఈవే బిల్లు గురించి అడిగిన ప్రశ్న మునిగిపోతుంది.

18న నేను వచ్చినప్పుడు నేరుగా పని మాటే ఎత్తండి. 'అట్లెట్ల మేడం' అని మొదలుపెడితే ఇద్దరం అక్కడే ఆగిపోతాం. ఆ వారం ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకే కూర్చుంటాను. 18, 19, 20 తేదీలు త్రీబీకి మాత్రమే. కొత్త రిజిస్ట్రేషన్లు, లోన్ల కోసం అడిగే ప్రాజెక్టు రిపోర్టులు, పాత సంవత్సరాల ఫైళ్లు 24 తర్వాత పెట్టుకుందాం. ముందే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఆగలేమనుకుంటే శ్రీలతకు చెప్పండి, డబ్బు తిరిగి ఇస్తుంది. నేను నొచ్చుకోను.

అక్టోబర్ ఫీజు కోసం ఈ నెల ఎవరూ ఫోన్ చేయరు. ఎప్పుడు వీలైతే అప్పుడు ఇవ్వండి.

18న రాలేకపోతే ఈ జవాబులో తేదీ మారుస్తాను. ఇంకో కారణం రాయను, తేదీ మాత్రం మారుతుంది.

ఇట్లు
స్వరూప
జీఎస్టీ, ఆదాయపు పన్ను కన్సల్టెంట్
నల్గొండ

ఒక మాట: ఈ జవాబు తనంతట తానే పోతుంది. మీరు వరసగా ఎన్ని మెయిళ్లు పంపినా నాలుగు రోజులకు ఒక్కసారే వస్తుంది. రెండో మెయిల్‌కు ఇది రాకపోతే చేరలేదేమోనని మళ్లీ పంపకండి, చేరే ఉంటుంది. బిల్లులు మాత్రం ఒకే మెయిల్‌లో కలిపి పంపండి.