నీలి అట్టకు అంటింది, పూతలో తగ్గలేదు

అధ్యక్షుల వారికి, పెద్దలకు, తోటి స్కాలర్లకు నమస్కారం.

ఫలితం ముందే చెప్పేస్తాను. మిరప చేలో ఎకరాకు 40 నీలిరంగు జిగురు అట్టలు పెట్టినా పూతలో నల్ల తామర పురుగు తగ్గలేదు. ఇది ఎంతవరకు నమ్మదగిన మాట అన్నదే మిగతా ప్రసంగం.

2021లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప రైతును ఈ పురుగు ఎలా ముంచిందో ఇక్కడున్న వారికి చెప్పక్కర్లేదు. శాస్త్రీయంగా త్రిప్స్ పార్విస్పినస్ అనే ఈ పురుగు పూవులో చేరి గీరి తింటుంది, పూత రాలిపోతుంది. పూవు లోపల ఉంటుంది కాబట్టి మందు సరిగా తగలదు. అందుకే అందరి చూపూ అట్టల మీద పడింది. వారం తిరిగేసరికి అట్ట నల్లబడుతుంది. అంత పురుగు చచ్చినట్టు కళ్లకు కనిపిస్తుంటే పని చేయలేదని ఎవరు నమ్ముతారు? నేనూ పని చేస్తుందనే మొదలుపెట్టాను.

ఈ స్లైడ్ చూడండి. 18 మంది రైతులు, ఒక్కొక్కరి దగ్గర ఎకరం చొప్పున రెండు మడులు. ఏ మడిలో అట్టలు పెట్టాలో చీటీ తీసి తేల్చాం. రెక్కల పురుగు అటూ ఇటూ ఎగిరి తేడాను చెరిపేయకుండా రెండు మడుల మధ్య కనీసం ఒక చేను ఎడం ఉంచాం. కోసిన పూలు నంబర్లు మాత్రమే ఉన్న ఆల్కహాల్ సీసాల్లో ల్యాబ్‌కి వచ్చాయి. ఏ సీసా ఏ మడిదో లెక్కపెట్టినవాళ్లకు తెలియదు.

అట్టలు లేని మడిలో పూవుకు సగటున 11.6 పురుగులు. అట్టలున్న మడిలో 11.2. తగ్గుదల సుమారు 3 శాతం.

"తేడా ఉండే ఉంటుంది, మీకు దొరకలేదంతే" అని ఇప్పుడు ఎవరైనా అనవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే రెండు విషయాలు చూపిస్తాను.

మొదటిది, మా కొలతకు తేడాను పట్టే శక్తి ఉందా? ఆరు చేలల్లో పక్కగా ఒక చిన్న పట్టీకి మందు కొట్టించి, అదే పద్ధతిలో పూలు కోసి, అదే మనుషులతో లెక్క పెట్టించాం. మూడు రోజుల్లో పూవుకు 12 నుంచి 5కి పడిపోయింది. పురుగు తగ్గితే మా లెక్కలో తగ్గినట్టు కనిపిస్తుందన్నమాట.

రెండోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ గీత. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 12 శాతం తగ్గుదల నుంచి 6 శాతం పెరుగుదల వరకు ఉంది. సున్నా ఇందులోనే ఉంది, నిజమే. కానీ మీరు చూడాల్సింది సున్నాను కాదు, ఎడమ పక్కన ఎర్ర గీతను. అది 25 శాతం. అట్టలు, వాటిని సీజన్లో మూడుసార్లు మార్చడం, కూలి అన్నీ కలిపితే ఆ మాత్రం తగ్గితేనే రైతుకు గిట్టుబాటు అని నారు పోయకముందే రాసి మా గైడ్ గారికి ఇచ్చాం. మా ఇంటర్వెల్ ఆ గీత దరిదాపుల్లోకి కూడా పోలేదు. కాబట్టి నేను "తేడా కనిపించలేదు" అని ఊరుకోవడం లేదు. ఈ పరిస్థితుల్లో రైతుకు గిట్టేంత తేడా లేదు అంటున్నాను. p విలువ 0.05 దాటిందని మాత్రమే చెప్పి కూర్చుంటే ఈ మాట అనే హక్కు నాకు ఉండేది కాదు.

మరి అట్ట మీద అంత పురుగు ఎక్కడిది? అంటుకునేవి రెక్కలున్న పెద్దవే. పూతలో పిల్ల పురుగులకు రెక్కలు ఉండవు, అవి అట్ట దాకా రావు. పోయిన పెద్దవాటి చోటు పక్క చేల నుంచి వచ్చేవి నింపుతున్నాయని నా అనుమానం. నిరూపించలేదు కాబట్టి ఇది స్లైడ్‌లో లేదు.

ఇది చెప్పని సంగతులూ ఉన్నాయి. ఒకే సీజన్, అదీ పురుగు ఉధృతంగా ఉన్న సీజన్. ఊరంతా ఒకేసారి అట్టలు పెడితే ఏమవుతుందో మేం చూడలేదు. అట్టలే దండగ అని దయచేసి నా పేరు మీద చెప్పకండి. ఎక్కువ చేలల్లో పురుగు పూతలో కంటే ముందు అట్ట మీదే కనిపించింది. రాకను కనిపెట్టడానికి అవి పనికొస్తాయి, దానికి నాలుగైదు చాలు.

మిగతా 35 అట్టల ఖర్చు పెట్టాలా అని అడిగే రైతుకు ఇక మన దగ్గర జవాబు ఉంది. అట్టల ఎత్తు, రంగు మార్చి ఇదే ప్రయోగం మళ్లీ చేద్దామనుకునే స్కాలర్లు ముందు మా మడివారీ లెక్కలు చూడండి, ఫైలు నా దగ్గర ఉంది. నా దృష్టిలో ఇప్పుడు చేయాల్సింది ఊరు మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్న ప్రయోగం. అది ఒక్క స్కాలర్ వల్ల అయ్యేది కాదు, ఎవరైనా కలిసొస్తే టీ టైంలో మాట్లాడుకుందాం.

ఇక ప్రశ్నలు అడగండి. స్లైడ్ ఏడు, ఆ ఎర్ర గీతది, తెర మీదే ఉంచుతాను.